ముప్పై ఎనిమిదిన్నర లీటర్ల మజ్జిగ గ్లాసు

మా కంపెనీలో నా పని తప్పులు పట్టడం. ఊరికి దూరంగా, కంపెనీ బస్సులో గంటకు పైగా కూర్చుంటే వచ్చే బట్టల కంపెనీ అది. మిషన్ల మీద అమ్మాయిలు కుట్టిన షర్టులు నా బల్ల మీదికి వస్తాయి. కుట్టు జారిందా, కాలరు ఒక పక్కకి లాగిందా, బొత్తం దగ్గర దారం వేలాడుతోందా అని చూసి, బాగోకపోతే ఒక ఎర్ర స్టిక్కరు అంటించి వెనక్కి పంపుతాను. అలా వెనక్కి వెళ్ళే ముక్కని మేము ‘ఆల్టర్’ అంటాం. ఏళ్ళ తరబడి ఆ మాట అనీ అనీ ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైనా నోటికి అదే వచ్చేది.

సూపర్‌వైజర్ ఖాళీ వచ్చినప్పుడల్లా నా పేరు అనుకునేవారు. అనుకుని, "పది పాసైందా?" అని అడిగేవారు. నేను తొమ్మిదిలో ఆపేశాను. అలా నలభై రెండేళ్ళ వయసులో, ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టాను. ఆదివారాలు వన్ టౌన్‌లో మా ఇంటికి రెండు సందుల అవతల ఒక బడిలో క్లాసులు. పిల్లల బెంచీలు. మోకాళ్ళు పట్టేవి కావు. పక్కకి తిరిగి కూర్చునేవాళ్ళం, పెళ్ళి బంతిలో చోటు చాలనట్టు.

లెక్కల మేడంకి పాతికేళ్ళు ఉంటాయేమో. తగరపువలస నుంచి బస్సులో వచ్చేది. వారంలో మిగతా రోజులు ఒక ప్రైవేటు బళ్ళో చెప్పేది. మమ్మల్ని అక్కా, వదినా, భాయ్ అని పిలిచేది. మేము మాత్రం మేడం అనేవాళ్ళం. ఎవరికి ఎవరు పెద్దో అక్కడ ఎవరికీ అర్థమయ్యేది కాదు.

నా వెనక బెంచీలో గడియారాలు బాగుచేసే భాయ్ కూర్చునేవాడు. యాభై దాటిన మనిషి. మా సందు చివర ఆయన కొట్టు. ఇప్పుడు గడియారం బాగుచేయించుకునేవాళ్ళు ఎవరున్నారు? ఎవరో తెలిసినవాళ్ళు గోడౌను ఆఫీసులో అటెండరుగా పెట్టుకుంటాం, పది పాసైన కాగితం తెచ్చుకో అన్నారట. అందుకని వచ్చాడు. నా పక్కన టిఫిన్ బండి వదిన. ఆమె ఎందుకు వచ్చిందో ఎప్పుడూ చెప్పలేదు. అడిగితే, "ఏటి, సదువుకోడానికి కారణం కూడా సెప్పాలా?" అనేది.

వారం మధ్యలో రాని లెక్కల్ని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టమని మేడం చెప్పింది. శనివారం సాయంత్రంలోగా వచ్చినవి చూసుకుని, ఆదివారం బోర్డు మీద చేసి చూపించేది. ఏర్పాటు బాగుంది. ఫోటోలే బాగుండేవి కావు. ఒకరి ఫోటోలో సగం పేజీ మీద తీసినవారి తల నీడ. ఒకరిది వంకరగా తీయడంతో కుడివైపు మాటలన్నీ తెగిపోయేవి. వదిన పంపిన ఒక ఫోటోలో ప్రశ్న కన్నా చట్నీ మరక స్పష్టంగా ఉండేది. మేడం ఏమీ అనేది కాదు. కళ్ళు చిట్లించి, ఫోను అటూ ఇటూ తిప్పి, ఎలాగో చదువుకునేది.

ఒక ఆదివారం భాయ్ పంపిన లెక్క మొదలుపెట్టింది. వన్ టౌన్ ఫుట్‌పాత్ మీద దొరికే మోడల్ పేపర్ల పుస్తకంలోది. మేడం ఫోను చూసి పైకి చదివింది.

"స్తూపాకారంలో ఉన్న ఒక గ్లాసు వ్యాసార్థం ముప్పై ఐదు సెంటీమీటర్లు, ఎత్తు పది సెంటీమీటర్లు. అందులో ఎంత మజ్జిగ పడుతుంది?"

బోర్డు మీద సూత్రం రాసింది. ఇరవై రెండు బై ఏడు, ఇంటూ ముప్పై ఐదు, ఇంటూ ముప్పై ఐదు, ఇంటూ పది. ఏడుని ముప్పై ఐదుతో కొట్టేసింది. మేమందరం శ్రద్ధగా ఎక్కించుకుంటున్నాం. ముప్పై ఎనిమిది వేల ఐదు వందల ఘనపు సెంటీమీటర్లు. వెయ్యితో భాగిస్తే ముప్పై ఎనిమిదిన్నర లీటర్లు. నేను జవాబు కింద రెండు గీతలు కూడా గీశాను, బాగా వచ్చిందని.

మేడం సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వెనక్కి జరిగి బోర్డు చూసింది. తర్వాత రెండు చేతులూ చాపి, గాలిలో ఒక పెద్ద గంగాళం పట్టుకున్నట్టు పెట్టి మా వైపు తిరిగింది.

"అక్కా, గ్లాసు ఇంత వెడల్పు. ఎత్తు మాత్రం జానెడు కూడా లేదు. ఎవరైనా ఇందులో మజ్జిగ తాగుతారా?"

అందరం బోర్డు వైపు చూశాం. వదిన మాత్రం, "మా ఆయన తాగీసినా తాగీస్తాడు మేడం," అంది. అప్పుడు అందరం నవ్వాం. ఒక్క భాయ్ నవ్వలేదు. తన పుస్తకం తీసుకుని ముందుకు వెళ్ళి చూపించాడు. అందులో మూడున్నర. మూడు, చుక్క, ఐదు. ట్యూబ్‌లైటు కింద తీసిన ఫోటోలో, ఆ నున్నటి కాగితం మీద పడిన తెల్లటి మెరుపు సరిగ్గా ఆ చుక్కనే మింగేసింది. అసలు జవాబు మూడు వందల ఎనభై ఐదు ఘనపు సెంటీమీటర్లు. మామూలు గ్లాసే.

మేడం బోర్డు తుడిచేసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. మామూలుగా ఆమె కూర్చోదు.

"ఒక్క ఐదు నిమిషాలు లెక్కలు ఆపేద్దాం," అంది. "ఫోటో తీసిన వెంటనే పంపీకండి. ఒకసారి తెరవండి. రెండు వేళ్ళతో పెద్దది చేసి చూడండి. మొదటి మాట నుంచి చివరి మాట దాకా, ప్రశ్న నంబరుతో సహా, ఫోటోలోంచి చదవండి. చదివేటప్పుడు పుస్తకం మూసీయాలి."

"మూసీడం ఎందుకు మేడం?" అన్నాను.

"తెరిచి ఉంటే మీరు ఫోటో చదవరక్కా, పుస్తకం చదువుతారు. ప్రశ్న ఏంటో మీకు ముందే తెలుసు. అందుకని ఫోటోలో చుక్క లేకపోయినా మీ కన్ను చుక్క పెట్టేసుకుంటుంది. నాకు తెలీదు కదా. నాకు ఫోటోలో ఏముంటే అదే ప్రశ్న. భాయ్ చూసినప్పుడు మూడున్నరే కనిపించుంటుంది. అవునా భాయ్?"

భాయ్ తల ఊపాడు. అబద్ధమాడలేదు. ఆయనకి నిజంగానే అలా కనిపించింది.

"దశాంశ చుక్క, మైనస్ గుర్తు, అంకె నెత్తిమీద చిన్న రెండు, బొమ్మలో మూలల దగ్గర ఉండే అక్షరాలు. ఇవే ముందు పోతాయి, చిన్నవి కాబట్టి. వాటిని ప్రత్యేకంగా వెతకండి. కిటికీ దగ్గర పగటి వెలుగులో తీయండి. వెలుగుకీ పుస్తకానికీ మధ్యలో మీరు నిలబడకండి. నున్న కాగితం అయితే ఫ్లాష్ వద్దు. ఫోను పేజీకి సరిగ్గా పైన ఉండాలి. తీసే ముందు కెమెరా అద్దం కొంగుతో తుడవండి. పంపేటప్పుడు హెచ్‌డీ అని ఉంటుంది, అది నొక్కండి. లేకపోతే ఫోను ఫోటోని కుదించి పంపుతుంది, అక్షరాలు అలుక్కుపోతాయి. నాలుగు ప్రశ్నలుంటే నాలుగూ చూడండి. మూడు బాగున్నాయని నాలుగోది బాగుంటుందని అనుకోకండి. అంతే."

అంతే అంది గానీ అంతటితో అయిపోలేదు. లెక్కల్లో ఎప్పుడూ సందేహాలు అడగనివాళ్ళు ఇందులో అడిగారు. హెచ్‌డీ ఎక్కడుంటుంది? కొంగు లేనివాళ్ళు దేంతో తుడవాలి? మా ఇంట్లో కిటికీయే లేదు మేడం, గుమ్మం చాలుతుందా? ఐదు నిమిషాల మాట గంట దాకా సాగింది. ఆ రోజు మజ్జిగ గ్లాసు తప్ప ఇంకో లెక్క కాలేదు. క్లాసు చాలా బాగా జరిగిందని అందరం అనుకుంటూ మెట్లు దిగాం.

దిగే ముందు మేడం ఒక మాట అడిగింది. "గ్రూపులో పెట్టే ముందు ఎవరైనా ఒకరు అన్నీ చూస్తే బాగుంటుంది. తీసినవాళ్ళు కాకుండా వేరే మనిషి చూస్తే తప్పు తొందరగా తెలుస్తుంది. ఎవరు చూస్తారు?"

"ఇదిగో, ఈ అక్క కంపెనీలో చెకింగే కదా," అని వదిన నా భుజం మీద చెయ్యి వేసింది.

నేను మొహమాటంగా నవ్వాను. లోపల మాత్రం మొహమాటం ఏమీ లేదు.

ఆ వారం నుంచి ఫోటోలన్నీ ముందు నాకు వచ్చేవి. కంపెనీ బస్సులో, పొద్దున వెళ్ళేటప్పుడు, సాయంత్రం వచ్చేటప్పుడు ఒక్కొక్కటీ తెరిచి, పెద్దది చేసి, మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివేదాన్ని. బాగోనిదాని కింద ఒకే మాట పెట్టేదాన్ని: ఆల్టర్. కారణం చెప్పేదాన్ని కాదు. కంపెనీలో కూడా చెప్పం. స్టిక్కరు ఎక్కడ అంటించామో చూసుకుని వాళ్ళే తెలుసుకోవాలి.

"ఏటీ, మైనస్ కనబడుతోంది కదా!" అని వదిన ఫోన్ చేసేది.

"అది మైనస్సో, కాగితం మడతో నాకెలా తెలుస్తుంది వదినా? మళ్ళీ తియ్యి."

"నానిక్కడ దోసెలేత్తన్నాను. మళ్ళీ తియ్యమంటే ఎలాగ?"

"అట్టు తిరగేసినప్పుడు తియ్యకు. ఆవిరి అద్దం మీద పడుతుంది."

తిట్టుకుంటూనే తీసేది. అందరూ తీసేవారు. నెల తిరిగేసరికి మా గ్రూపులో ఫోటోలు ఎంత బాగుండేవంటే, మేడం వాటిని తను పనిచేసే బళ్ళో పిల్లలకి చూపించిందట. మా ఆయన ఓడరేవు డ్యూటీ నుంచి వచ్చి టీ అడిగితే, "ఉండు, ఇంకా రెండు ప్రశ్నలున్నాయి," అనేదాన్ని. ఆయనది గోదావరి వైపు. మనిషి నెమ్మది. "పోన్లే, పెద్ద చదువు చదువుతోంది," అని తనే పెట్టుకునేవాడు. నేను చదువుతున్నాననే ఆయన అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

ఆ తర్వాత భాయ్ నుంచి ఒక ఫోటో వచ్చింది. అంకశ్రేఢి లెక్క. మొదటి పదం ఐదు, పదాంతరం... అక్కడ అంకె మూడో ఎనిమిదో తెలియలేదు. ఆల్టర్ అన్నాను. మళ్ళీ పంపాడు. వెలుగు బాగుంది, నీడ లేదు, ఫోను సరిగ్గా పైన ఉంది. అంకె మాత్రం అలాగే ఉంది. ఆల్టర్. మళ్ళీ వచ్చింది. ఈసారి గడియారం బాగుచేసేటప్పుడు వాడే దీపం పెట్టి తీసినట్టున్నాడు, కాగితంలో నారలు కూడా కనిపిస్తున్నాయి. మూడా, ఎనిమిదా? ఆల్టర్.

ఇక ఫోటో రాలేదు. మర్నాడు సాయంత్రం కంపెనీ బస్సు దిగేసరికి స్టాపులో మనిషే నిలబడి ఉన్నాడు, చంకలో పుస్తకంతో.

"చెల్లెమ్మా, నాను ముప్పయ్యేళ్ళుగా అద్దం పెట్టుకుని సన్న పళ్ళ చక్రాలు చూత్తన్నాను. నా చెయ్యి వణకదు. నా ఫోటోలో తప్పేటో నాకు చూపించు."

గొంతు పెంచలేదు గానీ మొహం ఎర్రగా ఉంది. మజ్జిగ గ్లాసు నాటి అవమానం ఇంకా పోలేదని అప్పుడు తెలిసింది. దారిన పోయేవాళ్ళు మమ్మల్ని చూస్తున్నారు. నేను ఫోను తీసి ఫోటో పెద్దది చేసి చూపించాను.

"ఇదిగో భాయ్, ఇక్కడ. ఇది మూడా, ఎనిమిదా? మీరే చెప్పండి."

ఆయన ఫోటో చూడలేదు. పుస్తకం తెరిచి, ఆ పేజీ నా మొహం ముందు పెట్టాడు.

"ఇది మూడా ఎనిమిదా? నువ్వు చెప్పు."

చూశాను. అచ్చులోనే సిరా ఒలికినట్టు అలుక్కుపోయి ఉంది. మూడుకి వెనక వీపు వచ్చినట్టుంది, ఎనిమిదికి పొట్ట చిరిగినట్టుంది. పుస్తకాన్ని దీపస్తంభం కిందికి తీసుకెళ్ళాను. వెలుగుకి ఎత్తి పట్టుకున్నాను. ఏం చేసినా అంతే.

"మరి మీరు ఏమనుకుని చేశారు భాయ్?"

"అది తెలీకే కదా పంపాను! నాకు లెక్క వచ్చు. అంకె రాలేదు. నువ్వేమో ఫోటో బాలేదంటావు. ఫోటో బంగారంలా ఉంది. పుస్తకం బాలేదు."

ఫోటో ఉన్నదున్నట్టు చూపించింది. తప్పు చూపించినందుకు నేను దాన్నే మూడుసార్లు వెనక్కి పంపాను. పైగా అదే మోడల్ పేపర్ల పుస్తకం నా దగ్గరా ఉంది. నా సంచిలోనే ఉంది. ఫోటోలు చూసేటప్పుడు పుస్తకం మూసేయాలి కాబట్టి, నేను దాన్ని చాలా రోజులుగా తెరవలేదు. ఇప్పుడు తీసి ఆ పేజీ చూశాను. నా దాంట్లో అచ్చు శుభ్రంగా ఉంది. మూడు.

"మూడు భాయ్."

ఆయన ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. "అయితే ఇరవయ్యో పదం అరవై రెండు," అన్నాడు. "ఎనిమిదైతే నూట యాభై ఏడు అయ్యేది. రెండూ చేసి పెట్టుకున్నాను."

సందులోకి ఇద్దరం కలిసే నడిచాం. కొట్టు దగ్గర ఆగి, "చాయ్ తాగుతావా చెల్లెమ్మా?" అని అడిగాడు. కోపం పోయిందనడానికి అదే గుర్తు. తాగాను.

ఆదివారం ఈ సంగతి మేడంకి చెప్పాం. ఆమె నవ్వలేదు. తన మాటకి ఇంకొక్కటి కలిపింది. "పేజీయే చదవడానికి రాకపోతే ఎన్ని ఫోటోలు తీసినా రాదు. పక్కవాళ్ళ పుస్తకంలోంచి తీయండి. అదీ లేకపోతే ప్రశ్నని తెల్లకాగితం మీద చేత్తో రాసి, తెలియని అంకె దగ్గర ‘ఇక్కడ తెలియట్లేదు’ అని రాసి పంపండి. ఊహించి మాత్రం రాయొద్దు." తర్వాత నా వైపు చూసి, "ఇకనుంచి ఆల్టర్ అనేసి ఊరుకోకండక్కా, ఎక్కడ, ఎందుకు అన్నది కూడా పెట్టండి," అంది. పెట్టాను. ‘రెండో వరుసలో అంకె అలుక్కుంది, పుస్తకంలోనూ అలాగే ఉందా చూడండి.’ టైపు చేయడానికి ఎక్కువసేపు పట్టేది. ఇంకాస్త గౌరవం కూడా వచ్చింది. నాకు నచ్చింది.

పరీక్షలు వచ్చాయి. లెక్కల రోజు హాల్లో ప్రశ్నపత్రం చేతికి ఇచ్చారు. అలవాటుగా మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివాను. ఎంత బాగా అచ్చు వేశారో! చుక్కలు చుక్కల్లా ఉన్నాయి, మైనస్‌లు మైనస్‌ల్లా ఉన్నాయి, అంకెల నెత్తిమీద చిన్న రెళ్ళు ఎక్కడివక్కడ కూర్చున్నాయి. తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఒక్కొక్క ప్రశ్నా బాగా తెలిసినట్టే ఉంది, అలాంటివి బస్సులో బోలెడు చూశాను. మొదటి లెక్క దగ్గర పెన్ను పెట్టాను. తర్వాత ఏం చేయాలో తెలియలేదు. రెండో లెక్క దగ్గర పెట్టాను. అక్కడా తెలియలేదు. నా ముందు వరుసలో భాయ్ వంగి, చక్రం పళ్ళు లెక్కపెట్టినట్టు రాసుకుపోతున్నాడు.

ఫలితాల్లో భాయ్ అన్నీ పాసయ్యాడు. వదిన కూడా. నాకు తెలుగు, సైన్సు, సోషల్, ఇంగ్లీషు అన్నీ వచ్చాయి. లెక్కలు పోయాయి.

మేడం ఫోన్ చేసింది. ఓదారుస్తుందనుకున్నాను.

"అక్కా, క్లాసులో ప్రతి ప్రశ్నా మీరు చదివారు కదా. ఎన్ని చేశారు?"

ఆలోచించాను. చేయడం నా పని అని నాకెవరూ చెప్పలేదు అనబోయి ఊరుకున్నాను. "చదవడానికే సరిపోయింది మేడం," అన్నాను.

అటు పక్కన మేడం నవ్వు ఆపుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది. చివరికి ఆపుకోలేకపోయింది. నాకూ వచ్చింది. ఇద్దరం ఫోన్లో చాలాసేపు నవ్వాం. పెట్టేశాక వంటింట్లోకి వెళ్ళి కాస్త ఏడ్చాను. మా ఆయన ఏమీ అడగకుండా టీ పెట్టాడు.

తర్వాతి విడతకి లెక్కలు మళ్ళీ కట్టాను. ఈసారి ఫోటోలు చూసే పని నాకొద్దన్నాను. భీమిలి నుంచి వచ్చే ఒకమ్మాయికి ఇచ్చారు, నెట్ సెంటర్లో బయోడేటాలు టైపు చేసేదట. నేను రోజుకో రెండు లెక్కలు చేసేదాన్ని. రానిది ఫోటో తీసి పంపేదాన్ని. సాయంత్రాలు భాయ్ కొట్టు ముందు స్టూలు వేసుకుని కూర్చుంటే, చేతిలో గడియారం ఆపకుండానే చెప్పేవాడు. "ఊరికే సూత్తావేటి చెల్లెమ్మా, చెయ్యి!" అనేవాడు. ఆయనకి చెప్పిన అటెండరు ఉద్యోగం అప్పటికే ఇంకెవరికో ఇచ్చేశారు. దాని గురించి ఒక్కసారే మాట్లాడాడు. "కాగితం మాత్రం నాదే కదా," అన్నాడు. ఫ్రేము కట్టించి, గోడ మీద ఆగిపోయిన గడియారాల మధ్య తగిలించాడు.

లెక్కలు పాసయ్యాను. మార్కులు గొప్పగా ఏమీ లేవు, పాసు. మెమో తీసుకుని కంపెనీకి వెళ్ళి హెచ్ఆర్ అబ్బాయి బల్ల మీద పెట్టాను. అతను దాన్ని నిదానంగా, మొదటి నుంచి చివరి దాకా చదివాడు. చాలా సంతోషం అక్కా అన్నాడు. ఈ మధ్యనే రూలు మారిందని, ఇప్పుడు సూపర్‌వైజర్‌కి ఇంటర్ అడుగుతున్నారని చెప్పాడు.

ఆ వారమే ఇంటర్‌కి కట్టాను. వదిన కూడా కట్టింది. ఎందుకని ఈసారి నేను అడగలేదు.